రెండో నాబ్

నాకు అనుమానం ఎక్కువ. అది నాకు అన్నం పెట్టే గుణం. ముప్పై ఏళ్ళుగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో బోగీల వైరింగ్ చూస్తున్నాను. లైటు వెలగకపోతే బల్బు కంటే ముందు "అంతా బాగానే ఉంది" అన్నవాణ్ణి అనుమానించాలని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకున్నాను. జేబులో టెస్టర్ లేకుండా గడప దాటను. పాలవాడి చెంబుకి కూడా టెస్టర్ పెట్టి చూస్తానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. చెంబుకి పెట్టలేదు.

మా అప్ప కూతురి పెళ్ళిలో మైకు సంగతి నా నెత్తి మీదికి వచ్చింది అందుకే. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పా వాళ్ళది సుభాష్‌పల్లి, నేనుండేది ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టర్. పెళ్ళి మా క్వార్టర్ వెనక వీధిలో ఉన్న హాల్లో పెట్టుకున్నాం. పందిరి, లైట్లు, జనరేటర్ ఒక బెంగాలీ డెకరేటర్‌కి ఇచ్చాం; అందరం అతన్ని దాదా, అంటే అన్నా, అని పిలుస్తాం. సౌండు మాత్రం ఇవ్వలేదు. పెళ్ళికూతురు సుభాష్‌పల్లిలో పిల్లలకి డాన్సు క్లాసు నడుపుతుంది. ఆ క్లాసు కోసం కొన్న రెండు బ్యాటరీ స్పీకర్లు, ఒక చిన్న మిక్సర్ తన దగ్గరే ఉన్నాయి.

"వైర్లు లేవు, ఏటీ లేదు మావయ్యా. ఫోన్ కలిపితే పాట వొచ్చేస్తాది. వేరే బాక్సులెందుకు?" అంది.

వైరు లేకుండా వచ్చేదేదైనా నాకు అనుమానమే. అయినా డెకరేటర్ దాదా ముఖం కాస్త చిన్నబోవడం చూసి, బాక్సుల్లో అతనికేదో లాభం ఉందనిపించి ఒప్పేసుకున్నాను. అతను చాలా పెళ్ళిళ్ళలో పెద్ద బాక్సులు పెట్టి చెవులు గింగురుమనిపించేవాడు. ఈసారి ఆ బేరం పోయింది. పోయిన బేరాన్ని ఏ మనిషైనా ఊరికే మర్చిపోతాడా? ఆ రోజు నుంచి అతని మీద ఓ కన్నేసి ఉంచాను.

అసలు ఈ పెళ్ళిలో మైకు కావలసింది సినిమా పాటలకి కాదు, మా అప్పకి. మా ఇంట్లో ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు అప్పగింతల పాట తల్లే పాడాలి. మా అమ్మ అప్పకి పాడింది. నా కూతురి పెళ్ళిలో మా ఆవిడ గొంతు లేవక, అప్పే ఆ పాట పాడింది. అప్పటి అప్ప గొంతు హాలు గోడలకి తగిలి తిరిగి వచ్చేది. పోయిన ఏడాది తనకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత గొంతు బొంగురుపోయి, కిందికి దిగిపోయింది. మెల్లగా వస్తుంది, వాడుతూ ఉండమన్నారు డాక్టరు. వంటింట్లో పొయ్యి ముందు రోజూ పొద్దున్నే సాధన చేసేది. నేను వెళ్ళినప్పుడల్లా "ఎలగుందిరా?" అని అడిగేది. "బాగుందప్పా" అనేవాణ్ణి. బాగుండేది కాదు. పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు చిట్లేది. కూతురికి పాడలేకపోతే ఈ జన్మకి మళ్ళీ పాట జోలికి పోనని నాతో ఒకసారి అంది. ఉన్నది ఒక్కతే కూతురు.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం హాల్లో పసుపు వేడుక. మేనకోడలు ఫోన్ నుంచి పాటలు బ్లూటూత్‌లో స్పీకర్లకి వెళ్తున్నాయి. మొదటి పాట సగంలో ఎవరో తనకి ఫోన్ చేశారు. పాట ఆగి, హాలంతా రింగ్‌టోన్ మోగింది. రెండో పాటకి, ఫోన్ చేత్తో పట్టుకుని వంటశాల వైపు వెళ్ళింది. మధ్యలో గోడ, గుంపుగా జనం. పాట ముక్కలు ముక్కలుగా వచ్చి చచ్చిపోయింది. ఆ సందులో ఎవరి ఫోనో స్పీకరుకి అతుక్కున్నట్టుంది, పసుపు నలుగు మధ్య క్రికెట్ కామెంటరీ మొదలైంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నిచ్చెన మీద నిలబడి గుడ్డలు కడుతున్న దాదా వైపు చూశాను. అతని చేతిలోనూ ఫోనుంది.

ఆ తర్వాత అప్ప ఒకసారి మైకులో పాడి చూస్తానంది. మైకు వైరు మిక్సర్‌లోకి పెట్టాం. మిక్సర్‌లో ఉన్న బ్లూటూత్ ఫోన్ నుంచి పాట తీసుకోవడానికే గానీ, స్పీకరుకి పంపడానికి కాదట. అందుకని మేనకోడలు బొటనవేలంత ట్రాన్స్‌మిటర్ ఒకటి కొని మిక్సర్ వెనక గుచ్చింది. దాన్నుంచి గాల్లో ఒక స్పీకరుకి, ఆ స్పీకరు నుంచి మళ్ళీ గాల్లో రెండో దానికి వెళ్తుంది.

అప్ప కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఒక్క వరసకే తడబడింది. తను అన్న మాట ఓ క్షణం ఆగి స్పీకర్లలోంచి వస్తోంది. దాని కోసం ఆగితే అది ఇంకా వెనకబడుతోంది. అందుకుందామని పరుగెత్తితే తాళం తప్పుతోంది. రెండోసారి ప్రయత్నించింది. మూడోసారికి మైకు కింద పెట్టేసింది.

"అయిపోయిందిరా. గొంతు నా మాట ఇనట్లేదు" అంది. అందరూ ఉన్నారని నవ్వడానికి చూసింది గానీ, నాకు తెలుసు, తను ఏడుపు మింగుతోంది.

నిచ్చెన మీంచి దాదా దిగి వచ్చాడు. ట్రాఫిక్‌లో పుట్టి పెరిగినవాడు కనుక తెలుగు వచ్చు.

"దీదీ గొంతు ఠీక్ ఆఛే, బాగానే ఉంది. మెషీన్ లేట్ సేస్తంది. బ్లూటూత్‌లో మాట పంపితే అంతే దాదా. పాట పెట్టుకోడానికి పర్లేదు, గాన్ పాడాలంటే తార్ గావాల, వైరు" అన్నాడు నాతో.

"నీ బాక్సులు గావాల అని సెప్పు" అన్నాను.

అతను నా వైపు చూశాడు.

"ఇందాకట్నించి నీ ఫోన్ ఎందుకు పట్టుకున్నావు దాదా? క్రికెట్ ఎవడు పెట్టినాడు?" అని కూడా అన్నాను. పదిమందిలో అన్నాను. అతను ఫోను నా చేతికిచ్చాడు. అందులో మా పందిరి కొలతల ఫోటో ఉంది. ఫోను వెనక్కి తీసుకుని నిచ్చెన ఎక్కేశాడు. తప్పు ఒప్పుకోవాలనిపించలేదు నాకు. ఫోటో చూపించినంత మాత్రాన నిజమైపోతుందా?

అందరూ భోజనాలకి వెళ్ళాక ఒక్కణ్ణే ఉండి పరీక్ష చేశాను. మైకు మీద గోరుతో కొట్టాను. చాకిరేవు దూరం నుంచి చూస్తే బట్ట బండకి తగిలిన తర్వాత కదా చప్పుడు వినిపిస్తుంది, అచ్చం అలాగే వచ్చింది. ట్రాన్స్‌మిటర్ పీకేసి, మిక్సర్ నుంచి ఒక పొట్టి వైరుతో ఒకే స్పీకరుకి తగిలించి మళ్ళీ కొట్టాను. గోరూ చప్పుడూ కలిసే వచ్చాయి. దాదా చెప్పిందే నిజం. నాకు అదొక చిరాకు.

వెళ్ళి అప్పకి చెప్పాను, లోపం మెషీన్‌దేనని. అప్ప నమ్మలేదు.

"నువ్వెప్పుడూ బాగుందనే అంటావు. నీ మాట నమ్మడం మానేసినాన్రా" అంది.

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్పాలి. లోపం మెషీన్‌దే అని అప్పతో అన్నాను కానీ, అప్ప గొంతు మీద నాకూ నమ్మకం లేదు. వైరు పెడితే ఆలస్యం పోతుంది, చిట్లడం పోతుందా? పై స్థాయి వచ్చేది రెండో చరణంలో. అక్కడ ఆగిపోతే మగపెళ్ళివారి ముందు, కూతురి ముందు తను కూలిపోతుంది. నా ఫోన్‌లో, నా కూతురి పెళ్ళిలో అప్ప పాడిన అప్పగింతల పాట ఉంది. ఎప్పుడు మనసు బాగోకపోయినా అదే వింటాను. మిక్సర్‌లో చప్పుడు పెంచి తగ్గించే మొదటి నాబ్ అప్ప మైకుకి. రెండో నాబ్‌కి నా ఫోన్ వైరుతో తగిలిస్తాను. పాటని రెండో చరణం మొదట్లో ఆపి ఉంచుతాను. అప్ప గొంతు చిట్లితే మైకు తగ్గించి, ఫోన్ నొక్కి, రెండో నాబ్ తిప్పేస్తాను. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చే తల్లి పెదాలు ఎవరు చూస్తారు? పాత గొంతు హాలు నిండుతుంది, పరువు దక్కుతుంది. ఎవరికీ చెప్పలేదు. ఫోన్ ఎందుకని మేనకోడలు అడిగితే, మధ్యలో సన్నాయి పాట వేయడానికన్నాను.

పెళ్ళి రోజు పొద్దున్నే హాలుకి వెళ్ళేసరికి గోడ పక్కన రెండు పొడుగు వైరు చుట్టలున్నాయి. దాదా పెట్టించాడు. డబ్బు మాట ఎత్తలేదు, పలకరించనూ లేదు. నేను ఊరుకుంటానా? ఒక్కొక్క పిన్ను మూత విప్పి, లోపల అతుకులు చూసి, లాగి చూసి, అప్పుడు వాడాను. అతుకులు గట్టిగానే ఉన్నాయి. స్పీకర్ల మధ్య గాలి బంధం తెంపేసి, రెండింటికీ మిక్సర్ నుంచి వేరువేరు వైర్లు లాగాను. కాళ్ళకి అడ్డం పడకుండా గోడ వార తీసుకెళ్ళి టేపు వేశాను. అప్ప నిలబడే చోటు స్పీకర్లకి వెనక ఉండేలా చూశాను, లేకపోతే మైకు కూత పెడుతుంది.

కరెంటు దగ్గర మాత్రం నా బుద్ధి నాకే అడ్డం వచ్చింది. దాదా బోర్డు మీద నమ్మకం లేక, వెనక కిటికీలోంచి మా క్వార్టర్ లైను లాగి మిక్సర్‌కి ఇచ్చాను. రైల్వే కరెంటు అంటే మాకదో గుడ్డి నమ్మకం. స్పీకర్ల చార్జర్లు దూరంగా ఉండడంతో వాటిని దాదా బోర్డుకే పెట్టక తప్పలేదు. ఆన్ చేయగానే హాలంతా 'గుయ్' మని మోత. నాబులు తగ్గించినా పోదు. వైరు మార్చినా పోదు. ముహూర్తానికి గంటన్నర ఉంది.

"సూసినావా, ఏదో సేసినాడు" అన్నాను మేనకోడలితో. పాపం పిల్ల, నుదుట కల్యాణ తిలకంతో, నగలతో, మిక్సర్ మీదికి వంగి నా బదులు తను వైర్లు చూస్తోంది.

"ఎవరేటి సేస్తారు మావయ్యా" అంది విసుగ్గా.

దాదా వచ్చాడు. నన్నడగలేదు. రెండు స్పీకర్ల చార్జర్లూ పీకేశాడు. మోత ఠక్కున ఆగిపోయింది.

"రెండు సోట్ల కరెంటు, రెండు ఎర్తింగులు. మధ్యలో నీ తార్. అదే గుయ్ గుయ్" అన్నాడు. ఆ మాట నాకు తెలియనిది కాదు. బోగీల్లో ఇలాంటి తంటాలు ఎన్ని చూశానో! ఎదుటివాడి దొంగతనం వెతికే తొందరలో నా చేతి పని నాకే కనిపించలేదు. రాత్రంతా చార్జింగులో ఉన్న స్పీకర్లు మధ్యాహ్నం దాకా బ్యాటరీ మీద హాయిగా నడుస్తాయి. మిక్సర్‌ని కూడా క్వార్టర్ లైను మీంచి తీసేసి పవర్ బ్యాంకుకి పెట్టమంది మేనకోడలు. దాని తాగుడు ఫోను కంటే తక్కువేనట. అప్పుడిక ఏ గోడతోనూ సంబంధం లేదు. మంగళసూత్రం కట్టే వేళకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే లోపు ఫ్యాన్లు ఆగాయి గానీ, పురోహితుడి మంత్రం మైకులో ఒక్క అక్షరం కూడా తెగలేదు.

అంతకు ముందు, పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తేవలసిన మేనమామని నేనే కనుక, మిక్సర్ వదిలి వెళ్ళవలసి వచ్చింది. దగ్గర్లో ఉన్నది దాదా ఒక్కడే. "కాస్త సూస్తుండు" అనక తప్పలేదు. గంప మోస్తున్నానే గానీ నా మెడ వెనక్కే తిరిగి ఉంది. అతను మిక్సర్ ముందు కూర్చుని, ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని ఏదో వింటున్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. తిరిగి వచ్చి చూస్తే ఫోను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. అతను లేచి వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక అప్పగింతలు. పాలపళ్ళెం ముందు కూతురి చేతులు పట్టుకుని నిలబడింది అప్ప. మైకు మా ఆవిడ పట్టుకుంది. అప్ప మొదలుపెట్టింది. కింది స్థాయిలో, బొంగురుగా. కానీ ఈసారి మాటా చప్పుడూ కలిసే వచ్చాయి. మొదటి వరసకి తన ముఖంలో ఆశ్చర్యం కనబడింది. రెండో వరసకి భుజాలు దిగాయి. మొదటి చరణం అయింది. నా ఎడం చెయ్యి ఫోను మీద, కుడి చెయ్యి రెండో నాబ్ మీద.

రెండో చరణంలో పిల్లని పేరు పెట్టి పిలవాలి. అప్ప కూతురి పేరు ఎత్తుకుంది. సగం పేరు దగ్గర గొంతు పుటుక్కున తెగింది.

నేను ఫోను నొక్కాను, మైకు తగ్గించాను, రెండో నాబ్ పూర్తిగా తిప్పాను. ఏమీ రాలేదు. ఫోనులో అంకెలు పరుగెడుతున్నాయి, వైరు ఫోనుకి బిగిసే ఉంది, చప్పుడు మాత్రం లేదు. దాదా! అనుకున్నాను. కిందికి వంగి వెతికితే మిక్సర్ వైపు పిన్ను ఊడి, వెనక వేలాడుతోంది. ఆ పిన్ను నా చేతిలో ఉంది, కన్నం నా ఎదురుగా ఉంది. నేనేదో మంచివాణ్ణై ఆగలేదు. నాబ్ ఎత్తి ఉండగా పిన్ను గుచ్చితే 'ధబ్' మని హాలు అదిరిపోతుంది, అందుకని ముందు నాబ్ దించాలనుకున్నాను. దించే లోపల అప్ప పేరు మళ్ళీ ఎత్తుకుంది. మైకు తగ్గించి ఉండడంతో సగమే వినిపించింది. హడావిడిగా మొదటి నాబ్ పెంచాను. పై స్థాయి వదిలేసి, తన గొంతుకి అందిన చోటికి పాటని దించుకుని, నెమ్మదిగా చివరిదాకా పాడింది. పెళ్ళికూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. మా బావ స్తంభం చాటుకి వెళ్ళాడు. నేను పిన్ను పట్టుకుని బల్ల కిందే కూర్చున్నాను.

సాయంత్రం పెళ్ళివారి బండ్లు వెళ్ళాక, హాలు మెట్ల మీద అప్ప నా పక్కన కూర్చుంది.

"నాను ఆగినప్పుడు నువ్వు బల్ల కింద ఏటి ఎతుకుతున్నావు?"

అబద్ధం చెప్పాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మొత్తం చెప్పేశాను, దాదా పిన్ను పీకేసిన సంగతితో సహా. అప్ప కోప్పడలేదు. దాదా లైట్లు విప్పుతున్నాడు. అతన్ని పిలిచింది.

"ఎందుకు పీకినావు దాదా?"

అతను నా వైపు చూసి కాస్త మొహమాటపడ్డాడు. "ఈయన గంప మోస్తన్నప్పుడు, ఈయన ఫోన్‌లో ఆ గాన్ నాను ఇన్నాను దీదీ. తప్పు పాట అది" అన్నాడు.

"తప్పేటి?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. అంత అందమైన గొంతులో తప్పు పట్టడానికి ఇతనెవడు?

"పెట్టు, ఇంటాను" అంది అప్ప.

ఫోను తీసి నొక్కాను. రెండో చరణం మొదలైంది. పాత అప్ప గొంతు, పై స్థాయిలో, మరక లేకుండా, ఒక పేరు పిలిచింది. అది నా కూతురి పేరు.

వందసార్లు విన్నాను ఆ పాట. నా కూతురి పేరు అందులో ఉందని ఎప్పుడూ అనుకోలేదు. నాకది పాటలో మాటే. మూడొందల మంది ముందు, అప్పగింతల పళ్ళెం దగ్గర, తన కన్నతల్లి గొంతు వేరే పిల్లని పిలుస్తుంటే మేనకోడలు తల ఎత్తి చూసేది. ఆ చూపు నాకిప్పుడు కళ్ళ ముందు కనబడుతోంది.

అప్ప పాట మధ్యలో ఆపలేదు, చివరిదాకా వింది. ఫోను నా చేతిలో పెట్టి అంది:

"ఇయ్యాల నా గొంతు ఆపరేషన్ వల్ల తెగలేదురా. దాని పేరు వొచ్చేసరికి తెగింది. అంతే. నన్నడిగుంటే సెప్పేదాన్ని కదా."